పాత టీమ్ లీడ్‌కి పెట్టే మెసేజ్ ‘సారీ’తో మొదలవ్వాలా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఐటీ రిక్రూట్‌మెంట్ చేస్తుంటాను. పిల్లల కోసం ఉద్యోగం మానేసి మళ్లీ వస్తున్న అమ్మలు పాత పరిచయస్తులకు రాసే మెసేజ్‌లు తరచూ నాకు చూపిస్తుంటారు.

అపోహ: ఇన్నాళ్లూ పలకరించలేదు కాబట్టి ముందు క్షమాపణ చెప్పాలి.

ఐదేళ్లు గ్యాప్ వచ్చిన ఒక టెస్టర్ తన పాత టీమ్ లీడ్‌కి రాసుకున్నది ఇలా ఉంది: “సారీ సర్, టచ్‌లో లేను, మీరు బిజీ అని తెలుసు, ఏదైనా ఓపెనింగ్ ఉంటే ప్లీజ్ చెప్పండి.” పాపం ఆయన దీనికి ఏమని జవాబిస్తాడు? ఆమెకు ఏం వచ్చో, ఏ పని కావాలో ఇందులో లేదు. “చూస్తానమ్మా” అంటాడు, మర్చిపోతాడు.

దాన్నే ఇలా మార్చాం: “నమస్తే సర్, మీ టీమ్‌లో బిల్లింగ్ ప్రాజెక్టుకి సెలీనియమ్ స్క్రిప్టులు రాసినదాన్ని. పిల్లల కోసం ఐదేళ్లు ఇంట్లో ఉన్నాను, ఇప్పుడు మళ్లీ టెస్టింగ్‌లోకి వస్తున్నాను. ఈమధ్య ప్లేరైట్ నేర్చుకుని చిన్న ప్రాజెక్టు గిట్‌హబ్‌లో పెట్టాను. మీ దగ్గర ఆటోమేషన్ ఇప్పుడు దేంతో చేస్తున్నారు? ఈ వారం పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా?” గ్యాప్‌కి ఒక్క వాక్యం చాలు. చివర్లో ఆయన సులువుగా జవాబు చెప్పగలిగే ప్రశ్న ఉంది, అసలు పని చేసేది అదే.

అపోహ: గ్యాప్ కనపడకుండా ప్రొఫైల్ సర్దుకోవాలి.

మెసేజ్ అందుకున్నవాళ్లు జవాబిచ్చే ముందు మీ లింక్డ్‌ఇన్ తెరుస్తారు, అందుకే మెసేజ్‌ల కంటే ముందు దాన్ని సరిచేయాలి. 2022 నుంచి అందులో Career break అని విడిగా చేర్చుకోవచ్చు, Full-time parenting కూడా అందులో ఒక రకం. పైగా కొన్ని కంపెనీలు విరామం తర్వాత వచ్చేవాళ్ల కోసమే పెట్టే రిటర్న్‌షిప్‌లకు ఇంత కాలం గ్యాప్ ఉండాలనే షరతు ఉంటుంది, గ్యాప్ దాచడానికి పాత ఉద్యోగం తేదీలు సాగదీస్తే ఆ దారి మీరే మూసుకున్నట్టు. అన్నట్టు, అకౌంట్ పాత ఆఫీసు మెయిల్‌తో ఉంటే పాస్‌వర్డ్ మర్చిపోకముందే సొంత మెయిల్ చేర్చండి.

అపోహ: ముందు నేనే అప్లై చేసి, తర్వాత రిఫరల్ అడుగుతాను.

చాలా కంపెనీల్లో మీ వివరాలు ఒకసారి సిస్టమ్‌లోకి వెళ్తే కొన్ని నెలలపాటు మిమ్మల్ని ఎవరు రిఫర్ చేసినా అది లెక్కలోకి రాదు. రిఫర్ చేసినవాళ్లకు బోనస్ కూడా చాలా చోట్ల ఉంటుంది కాబట్టి మీరు అడిగేది దానం కాదు. కాకపోతే జాబ్ ఐడీ, రెజ్యూమే, మిమ్మల్ని పరిచయం చేసే రెండు వాక్యాలు మీరే పంపండి, వాళ్లు కాపీ చేసి పెట్టేస్తారు.

జవాబు రాకపోతే వారం పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి, “చూశారా సర్?” అని కాకుండా కొత్త విషయం ఏదైనా కలిపి. అప్పటికీ రాకపోతే అదే పాత టీమ్‌లో ఇంకొకరికి రాయండి, ఈ ఐదేళ్లలో వాళ్లంతా తలో కంపెనీలో ఉండి ఉంటారు.