పగులు రాదనుకోవడం నుంచి పగులును లెక్కగట్టడం దాకా

శంషాబాద్ విమానాశ్రయంలోని మరమ్మతు హ్యాంగర్లకు భారీ తనిఖీ కోసం వచ్చిన విమానంలో సీట్లు, లోపలి పలకలు విప్పిన తరువాత సాంకేతిక నిపుణులు విమానపు మొండెమైన ఫ్యూజలాజ్ అతుకుల మీద, రివెట్ల వరుసల వెంబడి, కంటికి కనబడని పగుళ్ల కోసం లోహంలో విద్యుత్తును పుట్టించి లోపాలను పసిగట్టే ఎడ్డీ కరెంట్ పరికరాలతో వెతుకుతారు. ఆ వెతుకులాట ఎన్ని ఫ్లైట్లకొకసారి జరగాలో నిర్ణయించే పద్ధతి మూడు ప్రమాద ఉదంతాల నుంచి, కొంత ఆలస్యంగా, రూపుదిద్దుకుంది.

మొదటిది కామెట్ ఉదంతం. 1952 మే 2న ప్రయాణికుల సేవలో ప్రవేశించిన ఈ తొలి జెట్ విమానం ఎత్తులో ఎగిరేటప్పుడు క్యాబిన్ లోపలి పీడనం బయటికంటే చదరపు అంగుళానికి 8.25 పౌండ్లు ఎక్కువగా ఉండేది. అంటే ప్రతి ఫ్లైట్‌లోనూ పలుచని అల్యూమినియం తొడుగు ఒకసారి ఉబ్బి, దిగాక మళ్లీ సడలేది. 1954 జనవరి 10న ఎల్బా దీవి దగ్గర ఒకటి, ఏప్రిల్ 8న నేపుల్స్‌కు దక్షిణాన మరొకటి గాలిలోనే ముక్కలయ్యాయి.

ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఆర్నాల్డ్ హాల్ నాయకత్వాన దర్యాప్తు బృందం మరో కామెట్ ఫ్యూజలాజ్‌ను నీటి తొట్టెలో ఉంచి, లోపల కూడా నీరు నింపి, పీడనాన్ని పదేపదే పెంచి తగ్గించింది. నీరు గాలిలా కుదించుకుపోదు కనుక తొడుగు చీలినా నమూనా పేలిపోదు. పగులు ఎక్కడ పుట్టిందో చూడవచ్చు. అప్పటికే 1,221 ఫ్లైట్లు ఎగిరిన ఆ విమానం తొట్టెలో మరో 1,836 ఆవృత్తుల తరువాత ఒక కిటికీ మూల దగ్గర చీలిపోయింది. చతురస్రపు కిటికీలే కామెట్‌ను కూల్చాయని తరచూ చెబుతుంటారు గాని, ఎల్బా శకలాలలో పగులు మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, పైకప్పులో యాంటెన్నా కోసం కోసిన రంధ్రం అంచున.

తయారీదారులు ముందే పరీక్ష చేయలేదా అంటే, చేశారు. వారి నమూనా సుమారు 18,000 ఆవృత్తులు తట్టుకుంది. అయితే బలం నిరూపించడానికి అదే నమూనాను మొదట మామూలు పీడనానికి రెండింతలకు గురిచేశారు. ఆ దెబ్బకు రంధ్రాల అంచుల్లోని లోహం శాశ్వతంగా సాగింది. పీడనం తీసేశాక చుట్టూ ఉన్న లోహం దాన్ని వెనక్కి నొక్కి పట్టింది. అలా నొక్కుడులో ఉన్న అంచున పగులు పుట్టడం, పెరగడం మందగిస్తుంది. ప్రయాణికులను మోసిన విమానాలేవీ అంత పీడనం చూడలేదు కనుక వాటికి ఈ రక్షణ లేదు. నిజాయితీగా చేసిన పరీక్షే తప్పుడు భరోసా ఇచ్చిందన్నది, నా దృష్టిలో, ఈ ఉదంతంలోని అసలు పాఠం.

ఆ తరువాత 1956లో అమెరికా నిబంధనలు ఫెయిల్‌సేఫ్ పద్ధతిని ఒక ప్రత్యామ్నాయంగా గుర్తించాయి: ఒక భాగం విరిగినా మిగిలినవి భారం మోయాలి. ఫ్యూజలాజ్ తొడుగు లోపలివైపు అడ్డంగా అతికించే టియర్ స్ట్రాప్‌లనే లోహపు పట్టీలు ఈ ఆలోచనకు చక్కని ఉదాహరణ. బోయింగ్ 737లో ఇవి పది అంగుళాలకొకటి ఉంటాయి. పరుగెత్తే పగులు పట్టీని చేరితే పక్కకు తిరిగి, తొడుగు ఒక రెక్కలా తెరుచుకుని, పీడనం అదుపులో బయటికి పోవాలన్నది ఉద్దేశం.

ఈ పద్ధతిలోని లోటు 1977 మే 14న జాంబియా రాజధాని లుసాకా దగ్గర బయటపడింది. ఒక పాత బోయింగ్ 707 సరుకు విమానపు తోకలోని కుడి అడ్డరెక్క ఊడిపోయి, అందులోని ఆరుగురూ మరణించారు. ప్రధాన భాగం, పదేపదే భారం పడడం వల్ల వచ్చే లోహపు అలసటతో విరిగితే ఆదుకోవలసిన ఏర్పాటు అక్కడ ఉంది. కానీ విరిగిన సంగతిని పట్టుకునే తనిఖీ లేదు. ఎవరూ చూడని రెండో ఆధారం కొన్ని ఫ్లైట్లు మాత్రమే గడువు ఇస్తుంది.

1978లో, పగులు ఉంటుందనే అనుకుని నడిచే డ్యామేజ్ టాలరెన్స్ నిబంధన వచ్చి ఆ గడువునే లెక్కగట్టమంది. ఒక రివెట్ రంధ్రం దగ్గర పగులు పరికరానికి చిక్కే పరిమాణం నుంచి ప్రమాదకర పొడవుకు చేరడానికి 20,000 ఫ్లైట్లు పడుతుందనుకుందాం. కనీసం రెండు అవకాశాలైనా దొరకాలంటే 10,000 ఫ్లైట్లకొకసారి చూడాలి. లెక్కలో అనిశ్చితి ఎక్కువైతే ఇంకా ముందే. సన్నని పగులును పట్టగల పరికరం వాడితే వ్యవధి పెరుగుతుంది. తనిఖీ చేయడానికి చేయి చొరని చోట ఈ లెక్క అక్కరకు రాదు. అక్కడ ఆ భాగాన్ని నిర్ణీత కాలానికి మార్చేయాలి.

ఇంత చేసినా లెక్క ఒకే పగులును ఊహించుకుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో 89,680 ఫ్లైట్లు పూర్తిచేసిన అలోహా సంస్థ 737 విమానంలో, జిగురు పట్టు వదిలిన అతుకు వెంబడి ఎన్నో రివెట్ రంధ్రాల దగ్గర పుట్టిన చిన్న పగుళ్లు ఒకదానితో ఒకటి కలిశాయి. టియర్ స్ట్రాప్‌లు ఆపలేకపోయాయి. పైకప్పులో సుమారు 18 అడుగులు ఎగిరిపోయి, ఒక విమాన సిబ్బంది మరణించారు. విడివిడిగా చూస్తే హాని చేయని పగుళ్లు వరుసలో ఉంటే ప్రమాదకర పొడవే తగ్గిపోతుంది. అందుకే పెద్ద విమానాలలో ఒక్కో రకానికి, దాని నిర్వహణ ప్రణాళిక ఎన్ని ఫ్లైట్ల వరకు పరీక్షల ఆధారంతో చెల్లుతుందో తయారీదారు ప్రకటించాలని 2010లో అమెరికా నిబంధన తెచ్చింది. ఆ అంకె దాటితే, కొత్త ఆధారాలతో దాన్ని పొడిగించనంతవరకు, ఒక్క పగులూ కనబడకపోయినా విమానం ఎగరకూడదు.