సిమ్మా, ఫోనా, టవరా? మార్చి చూడటంపై అపోహలు - వాస్తవాలు

తిరుపతి బస్టాండుకు దగ్గరలో నాది ఫోన్ల రిపేరు దుకాణం. కాల్స్ రావడం లేదని వచ్చేవారిలో చాలామంది రోగమేమిటో తామే తేల్చుకుని మరీ వస్తారు. ఒకరు సిమ్ పోయిందంటారు, ఇంకొకరు బోర్డు పోయిందంటారు, మిగిలినవాళ్లు టవర్‌ను తిడతారు. నిజం తేల్చడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. బాగా పనిచేస్తున్న మరో ఫోను, మరో సిమ్ ఉంటే చాలు, ఒకదాని సిమ్‌ను ఇంకోదానిలో వేసి మార్చి చూడొచ్చు. కాకపోతే మార్పిడిని సగంలో ఆపేసి, దొరికిన సగం జవాబును నమ్మి డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

అపోహ: నా సిమ్ తమ్ముడి ఫోనులో పనిచేసింది, కాబట్టి నా ఫోనే చెడిపోయింది.

దానివల్ల మీ సిమ్ బతికే ఉందని, రీచార్జి చెల్లుతోందని, మీరు నిలబడిన చోట సిగ్నల్ ఉందని తెలిసింది. మీ ఫోను సంగతి ఇంకా తెలియలేదు. అది తేలాలంటే తమ్ముడి సిమ్‌ను మీ ఫోనులో వేసి చూడాలి. అదీ మీ సిమ్ ఉన్న స్లాటులోనే, అదే చోట నిలబడి. ఫోను ఆపి సిమ్ మార్చి, మళ్లీ ఆన్ చేశాక రెండు నిమిషాలు ఆగండి. ఒక కాల్ చేయండి, ఒక కాల్ చేయించుకోండి. వైఫై ఆపేసి ఇంటర్నెట్ చూడండి. వైఫై ఆన్‌లో ఉంటే ఇంటర్నెట్టే కాదు, కొన్ని ఫోన్లలో కాల్స్ కూడా దాని మీదుగానే వెళ్లిపోతాయి. రెండో స్లాటులో ఇంకో సిమ్ ఉంటే దాన్ని కూడా తీసేయండి. లేకపోతే ఏ సిమ్ పనిచేస్తోందో మీకే తెలియదు.

ఇప్పుడు చూడాల్సింది ఒక్కటే, తప్పు ఎవరి వెంట వెళుతోంది? ఏ ఫోనులో వేసినా మీ సిమ్ మొరాయిస్తే తప్పు సిమ్‌దో, మీ కనెక్షన్‌దో. రెండు ఫోన్లలోనూ `No SIM` అని కనిపిస్తే కార్డే చచ్చింది. కంపెనీ పేరు కనిపిస్తూ కాల్ మాత్రం వెళ్లకపోతే కార్డు బాగున్నట్టే, గడువు ముగిసిందేమో కంపెనీని అడగాలి. ఏ సిమ్ వేసినా మీ ఫోనే మొండికేస్తే తప్పు ఫోనుది. రెండు సిమ్‌లూ రెండు ఫోన్లలోనూ పనిచేయకపోతే ఆ చోటు వదిలి, కిలోమీటరు దూరం వెళ్లి మళ్లీ చూడండి.

అపోహ: విడివిడిగా రెండూ పనిచేస్తే తప్పేమీ లేనట్టే.

ఆ మధ్య ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. యాత్రికులను తిరుమలకు తీసుకువెళ్లేవాడు. "అన్నా, ఘాట్ రోడ్డులో టవర్ అందడం లేదు, కాల్స్ పోతున్నాయి" అన్నాడు. అంతకుముందు చూపించిన చోట బోర్డు పోయిందని రెండున్నర వేలు అడిగారట. కారులో కూర్చున్నవాళ్లలో అతని కంపెనీ సిమ్మే ఎవరికైనా ఉందా అని అడిగాను. ఉందట, వాళ్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయట. శ్రీకాళహస్తి దారిలోనూ తనకు ఇదే జరిగిందని ఆ మాటల్లోనే చెప్పాడు. టవర్ మీద అనుమానం అక్కడితో పోయింది.

అతని సిమ్ నా ఫోనులో వేశాను, కాల్ వచ్చింది. అదే కంపెనీ సిమ్ నాది అతని ఫోనులో వేశాను, అదీ బాగుంది. చాలామంది ఇక్కడే "అంతా బాగుంది, తీసుకెళ్లు" అని పంపేస్తారు. నేను అతని సిమ్‌ను తిరిగి అతని ఫోనులోనే పెట్టి, కాల్ కలిపి, ఫోను అంచును అరచేతికేసి నాలుగుసార్లు తట్టాను. మూడో దెబ్బకు కాల్ తెగింది, తెర మీద `No SIM` వచ్చింది. నా సిమ్ పెట్టి అలాగే పదిసార్లు తట్టినా ఏమీ కాలేదు.

అతని సిమ్‌ను బయటికి తీసి భూతద్దం కింద పెట్టాను. పాత పెద్ద సిమ్‌ను కట్టర్‌తో నానో సైజుకు నొక్కి కత్తిరించినది అది. ఒక పక్క అంచు వంకరగా తెగి, బంగారు రంగు రేకు ఒకవైపుకు జరిగింది. పాత సిమ్ మందం 0.76 మిల్లీమీటర్లు, అసలు నానో సిమ్ మందం 0.67. చూపుకు తెలియని తేడా అది, ట్రేకు మాత్రం తెలుస్తుంది. నా ఫోను ట్రే బిగువుగా ఉండి ఆ వంకర సిమ్‌ను కదలనివ్వలేదు. అతని ట్రే కాస్త అరిగి, కుదుపు తగిలినప్పుడల్లా సిమ్ పిన్నుల మీద నుంచి పక్కకు జరుగుతోంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో తప్పిపోతున్నది సిగ్నల్ కాదు, రేకుకూ పిన్నుకూ మధ్య ఉన్న ఆ కాస్త ఆనిక.

అందుకే అప్పుడప్పుడు మాత్రమే వచ్చే తప్పును ఐదు నిమిషాల మార్పిడితో తేల్చలేం. రోజుకు రెండుసార్లు వచ్చే తప్పయితే, మార్చిన సిమ్‌తో కనీసం ఒక పూర్తి రోజు వాడాలి. అది కూడా ఆ తప్పు వచ్చే దారిలోనే.

అపోహ: పరీక్షకు ఏ కంపెనీ సిమ్ అయినా పరవాలేదు.

పరవా ఉంది. కంపెనీకో రకం తరంగాలు. 2జీ అసలే లేకుండా 4జీ, 5జీ మీదే నడిచే కంపెనీ సిమ్‌ను పాత 2జీ కీప్యాడ్ ఫోనులో వేస్తే అది ఎంత కొత్త సిమ్ అయినా మాట్లాడదు. అక్కడ సిమ్‌దీ తప్పు కాదు, ఫోనుదీ కాదు. తిప్పి చూస్తే, వేరే కంపెనీ సిమ్ మీ ఫోనులో పనిచేసిందంటే ఆ కంపెనీ తరంగాలను మీ ఫోను అందుకుంటోందని మాత్రమే అర్థం.

అపోహ: గీతలు నిండుగా ఉన్నాయి, కాబట్టి నెట్‌వర్క్ తప్పు కాదు.

గీతలు టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి. దాని దగ్గర చోటుందో లేదో చెప్పవు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున ఊళ్లో నిలబడి చూడండి, గీతలన్నీ ఉంటాయి, కాల్ వెళ్లదు. ఆ రోజు ఎవరైనా ఫోను తెచ్చిస్తే నేను విప్పను, మర్నాడు రమ్మంటాను.

అపోహ: ఏ సిమ్ వేసినా రావడం లేదంటే యాంటెన్నా పోయినట్టే.

కావచ్చు. విప్పే ముందు `*#06#` నొక్కండి. ఫోను గుర్తింపు సంఖ్య, అంటే 15 అంకెల IMEI రావాలి. రాకపోయినా, అన్నీ సున్నాలే వచ్చినా యాంటెన్నా మార్చి లాభం లేదు. అంకెలు సరిగ్గా ఉంటే `KYM` అని రాసి, ఖాళీ వదిలి, ఆ అంకెలు చేర్చి 14422కు పనిచేసే ఫోను నుంచి ఎస్సెమ్మెస్ పంపండి. ముఖ్యంగా చేతులు మారిన ఫోనైతే. దాన్ని నిలిపేశారేమో జవాబులో తెలుస్తుంది. దొంగిలించినదని ఫిర్యాదు వచ్చి నిలిపేసిన ఫోనులో ఏ సిమ్మూ నడవదు.

అపోహ: ఎందుకైనా మంచిది, ముందు కొత్త సిమ్ తీసుకుంటే పోతుంది.

సిమ్ మార్చిన తరువాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, వెళ్లవు. మోసాలను అడ్డుకోవడానికి పెట్టిన నిబంధన అది. అంటే ఆ రోజంతా ఎస్సెమ్మెస్‌తో వచ్చే ఓటీపీ ఉండదు. తప్పు ఫోనులో ఉంటే ఆ రోజు ఊరికే పోయినట్టే. మన డ్రైవరుకు మాత్రం కొత్త సిమ్మే మందు. అదే నంబరుతో అసలు నానో సిమ్ తెచ్చుకోమన్నాను. మర్నాడు కారు వాయిదా కట్టాల్సి ఉందని గుర్తు చేసుకుని, ముందు అది కట్టి, ఆ మరునాడు వెళ్లి తెచ్చుకున్నాడు. ఈలోగా వంకర సిమ్ కదలకుండా ట్రేలో చిన్న టేపు ముక్క అంటించి పంపాను.