బిల్లు కట్టేటప్పుడు ఏం అడగాలి

పిల్లలూ,

కోర్సు పూర్తయి పార్లర్‌లో చేరారు, సంతోషం. బిల్లు కట్టే ప్రతి కస్టమర్‌కీ హెయిర్ స్పా, నెయిల్ కేర్ గురించి చెప్పమని మేనేజర్ అంటోందనీ, నోరు రావట్లేదనీ ఫోన్‌లో అన్నారు కదా. అది ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

హెయిర్ స్పా అంటే తల కడగాలి, క్రీమ్ పట్టించి మసాజ్ చేయాలి, ఆవిరి పట్టాలి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. తక్కువలో తక్కువ ముప్పావుగంట. కటింగ్ చేయించుకుని, డ్రయ్యర్ పెట్టించుకుని, అద్దంలో చూసుకుని లేచిన మనిషిని మళ్లీ తల తడుపుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? కాబట్టి కౌంటర్ దగ్గర స్పా మాట ఎత్తితే అది వచ్చేసారి కోసమే. ఈరోజే చేయించాలంటే ఆమె కుర్చీలో కూర్చోగానే, తల తడపకముందే అడగాలి.

గోళ్ల సంగతి వేరు. కత్తిరించి, ఫైల్ చేసి, మామూలు పాలిష్ వేయడానికి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. అందుకే అప్పటికప్పుడు అడగదగ్గది ఇదొక్కటే. జెల్ పాలిష్ మాత్రం వద్దు. దానికి ల్యాంప్ కావాలి, తీయడం ఇంకో పని, వెళ్లబోయే మనిషిని అంతసేపు ఆపలేం. పాలిష్ వేసేముందే డబ్బు కట్టించుకోండి. తడి గోళ్లతో పర్సు జిప్పు లాగమంటే పాలిష్ కాస్తా పోతుంది.

ఒక సందర్భం చెప్తాను. ఒకావిడ ఐబ్రోస్, హెయిర్ కట్ చేయించుకుంది. బిల్లు 650 అనుకోండి. తల కడిగేటప్పుడు 'ఈమధ్య జుట్టు పీచులా తయారైంది' అని తనే అంది. కౌంటర్ దగ్గర ముందు బిల్లు చెప్పి, డబ్బు తీసుకుని, చిల్లర చేతిలో పెట్టండి. ఆ తర్వాతే మాట. 'జుట్టు పొడిబారుతోందన్నారు కదా మేడమ్, వచ్చేసారి స్పా చేయించుకుంటే కాస్త మెత్తబడుతుంది. ట్యాక్స్‌తో కలిపి 900. ఇప్పుడే చెప్పక్కర్లేదు.' అంతే. బిల్లు కట్టకముందే అడిగితే, వద్దంటే ఏమనుకుంటారో అని మొహమాటపడుతుంది. పక్కన ఇంకో నలుగురు నిలబడి ఉంటే ఆ మొహమాటం రెట్టింపు. ధర మెల్లగా చెప్పండి, కానీ ఆమె అడిగేదాకా దాచకండి.

ఆమె అనని మాట మీరు అనకండి. 'అయ్యో, జుట్టు ఎంత పాడైందో చూశారా' అని భయపెట్టి అమ్మడం నాకు అస్సలు గిట్టదు. ఆన్‌లైన్ అమ్మకాల్లో కస్టమర్‌ని సిగ్గుపడేలా చేసి కొనిపించడం, అడక్కుండానే బిల్లులో ఏదో కలిపేయడం తప్పని 2023లో మన కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చింది. మన కౌంటర్ దగ్గర అది ఒప్పవుతుందా? స్పాతో కానిది అవుతుందనీ చెప్పకండి. చిట్లిన చివర్లు స్పాతో అతుక్కోవు, కత్తిరించాల్సిందే. మాడు మీద పుండ్లో, పెచ్చులో కనిపిస్తే స్పా ఊసెత్తకుండా చర్మ డాక్టర్‌కి చూపించుకోమనండి. అన్నట్టు, ముప్పై దాటినట్టున్న వాళ్లని 'ఆంటీ' అనకండి. ఆ ఒక్క మాటతో మీరు చెప్పేది వినరు.

వద్దనేవాళ్లు వద్దని నేరుగా అనరు. 'చూద్దాం లేమ్మా', 'వచ్చేసారి' అంటూ చెప్పుల వైపు చూస్తారు, ఫోన్ తీస్తారు. అది వద్దనడమే. 'సరేనండి' అని తలుపు తీయండి. రెండోసారి అడిగితే మొహమాటానికి ఒప్పుకోవచ్చు, ఆరోజు మీ కమిషన్ మీకు రావచ్చు. కానీ అలా ఒప్పుకున్నావిడ ఐబ్రోస్‌కి కూడా ఇంకో పార్లర్ వెతుక్కుంటుంది. ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పదు. తెలుసుకోవాలంటే అపాయింట్‌మెంట్ పుస్తకమే దారి. మూడు నాలుగు వారాలకోసారి వచ్చే మనిషి రెండు నెలలుగా కనిపించకపోతే, ఆఖరిసారి కౌంటర్ దగ్గర ఆమెను ఏమడిగారో గుర్తుచేసుకోండి. మేనేజర్ టార్గెట్ గురించి గట్టిగా మాట్లాడిన రోజు ఆ పుస్తకమే ఆమె ముందు పెట్టండి.

ఎవరైనా స్పాకి సరేనంటే తేదీ రాసుకుని, ముందురోజు రాత్రి తలకి నూనె పట్టించుకోవద్దని చెప్పండి. జిడ్డు వదలడానికి రెండుసార్లు షాంపూ చేయాల్సి వస్తే, ముప్పావుగంట అన్నది గంట దాటిపోతుంది.

మీ పెద్దమ్మ