పేపర్లో వచ్చిన వార్త ‘బయటకొచ్చిన’ వార్తేనా?

విశాఖ ద్వారకానగర్‌లో ఏ బ్రోకర్ ఆఫీసుకు వెళ్లినా, సాయంత్రం బీచ్ రోడ్డులో షేర్ల గురించి మాట్లాడుకునే నలుగురి పక్కన నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది: “ఫలానా కంపెనీని పెద్దవాళ్లెవరో కొంటున్నారట.” ఈ మాట విని షేర్లు కొంటే తప్పా? చాలామంది చిన్న మదుపరులు దీనికి ఒకే జవాబు చెబుతారు: “పేపర్లో కూడా వచ్చేసింది కదా, ఇక రహస్యం ఏముంది?” ఈ జవాబు కొన్నిసార్లు సరైనదే. కొన్నిసార్లు మాత్రం మనిషిని నేరుగా షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నోటీసు దాకా తీసుకెళ్తుంది. తేడా ఎక్కడుందో తెలియాలంటే, సమాచారం ‘ప్రకటితం’ కావడమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి.

కంపెనీ లోపలి రహస్యం తెలుసుకుని షేర్లు కొనడం, అమ్మడమే ఇన్‌సైడర్ ట్రేడింగ్. సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిషేధ నిబంధనల్లో అసలు కీలకం ‘అప్రకటిత ధర ప్రభావిత సమాచారం’. మార్కెట్ వాళ్లు దీన్ని పొట్టిగా యూపీఎస్ఐ అంటారు. దీనికి రెండు లక్షణాలుండాలి. బయటపడితే షేరు ధరను గట్టిగా కదిలించగల సమాచారం అయి ఉండాలి. అది ఇంకా ప్రజలందరికీ సమానంగా అందుబాటులోకి రాకుండా ఉండాలి. త్రైమాసిక ఫలితాలు, డివిడెండ్, విలీనం, కొనుగోలు, కీలక అధికారుల మార్పు లాంటివి మొదటి లక్షణంలోకి సులభంగానే వస్తాయి. తగాదా అంతా రెండో దాని దగ్గరే.

ధరను కదిలించే ప్రతి సమాచారమూ రహస్యం కాదు. అమెరికా 2025లో మన సరుకుల మీద సుంకాలు పెంచినప్పుడు రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీల షేర్లు పడ్డాయి. ధర మీద అంత ప్రభావం ఉన్నా, ఆ వార్త ప్రపంచమంతా ఒకేసారి చూసింది. విశాఖ పోర్టు దగ్గర రోడ్డు మీద నిలబడి, ఒక కంపెనీ కంటైనర్లు ఈ నెల ఎన్ని ఎక్కువగా వెళ్తున్నాయో లెక్కపెట్టినా అంతే. ఆ రోడ్డు మీద ఎవరైనా నిలబడవచ్చు. లెక్కపెట్టే ఓపిక మీకుంది, పక్కవాడికి లేదు. అది మీ కష్టమే తప్ప నేరం కాదు. ‘అందరికీ తెలుసా’ అని చట్టం అడగదు. ‘తెలుసుకునే దారి వివక్ష లేకుండా అందరికీ తెరిచి ఉందా’ అని అడుగుతుంది. స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లో పెట్టిన సమాచారాన్ని మామూలుగా అందరికీ అందినట్టే భావిస్తారు. దాన్ని ఒక్కరూ చదవకపోయినా సరే.

మరి పేపర్లో వచ్చిన ఊహాగానం సంగతేమిటి? మన దేశంలో ఈ ప్రశ్న ఒక పెద్ద కేసులోనే తలెత్తింది. హిందుస్థాన్ లీవర్, బ్రూక్ బాండ్ లిప్టన్ ఇండియా రెండూ యూనిలీవర్ గ్రూపువే. 1996లో ఈ రెండూ విలీనం అవుతున్నట్టు ప్రకటించారు. ఆ ప్రకటనకు కొన్ని వారాల ముందే హిందుస్థాన్ లీవర్, యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా దగ్గర 8 లక్షల బ్రూక్ బాండ్ షేర్లు కొంది. విలీనం సంగతి కొన్నవాళ్లకు తెలుసు, అమ్మిన యూటీఐకి తెలియదు అని సెబీ 1998లో తప్పు పట్టింది. విలీనం జరగబోతోందని పత్రికలు అప్పటికే రాశాయి, మార్కెట్‌కు తెలిసిన విషయమే కదా అని కంపెనీ వాదించింది. అప్పట్లో ఇలాంటి అప్పీళ్లు కేంద్ర ఆర్థిక శాఖలోని అధికారుల ముందుకు వెళ్లేవి. అక్కడ ఈ వాదన నిలిచింది. కంపెనీ ఇన్‌సైడరే గానీ, విలీనం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి అప్రకటితం కాదన్నారు. సెబీ ఓడింది.

నా దృష్టిలో ఆ నిర్ణయం చిన్న మదుపరికి అన్యాయం చేసేదే. పత్రిక ‘జరగొచ్చు’ అని రాస్తుంది. లోపలివాడికి ‘జరుగుతుంది’ అని తెలుసు. ఈ రెండూ ఒకే సమాచారం కావు. 2002లో సెబీ నిబంధనలు మార్చి, పత్రికల్లో, టీవీల్లో వచ్చే ఊహాగానాలను ప్రకటిత సమాచారంగా లెక్కించబోమని రాసింది. 2015 నిబంధనలకు 2024లో చేసిన సవరణ కూడా నిర్ధారణ కాని మీడియా వార్తను ‘అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం’ నుంచి తప్పించింది.

ఇప్పుడు ఒక ఉదాహరణను లెక్కలతో సహా చూద్దాం. ఇందులో కంపెనీ, మనుషులు కల్పితం.

విశాఖ దగ్గర ప్లాంటు ఉన్న ఒక లిస్టెడ్ రొయ్యల కంపెనీ ఉందనుకుందాం. షేరు ధర 200 రూపాయలు. సోమవారం ఒక పత్రికలో, పెద్ద ఆహార సంస్థ ఒకటి ఈ కంపెనీని కొనే చర్చల్లో ఉన్నట్టు వార్త వచ్చింది. షేరు 208కి చేరింది. గాజువాకలో ఉండే ఒక మదుపరి ఆ వార్త చదివి, నమ్మి, మంగళవారం ఉదయం 100 షేర్లు కొన్నాడు. అతనికి కంపెనీతో ఏ సంబంధమూ లేదు, లోపలి మాట ఒక్కటీ తెలియదు. అతను చేసింది సాహసమే గానీ నేరం కాదు. వార్త అబద్ధమైతే అతని డబ్బే పోతుంది.

బుధవారం రాత్రి అతని బావమరిది ఫోన్ చేశాడు. ఆ కుర్రాడు అదే కంపెనీ ఫైనాన్స్ విభాగంలో పని చేస్తాడు. “బావా, పేపర్లో రాసింది నిజమే. శుక్రవారం బోర్డు మీటింగులో పెడుతున్నారు. రేటు 260 దాకా ఉంటుందంటున్నారు.” గురువారం ఉదయం బావ 210 చొప్పున ఇంకో 500 షేర్లు కొన్నాడు. శుక్రవారం మార్కెట్ ముగిశాక బోర్డు ఆమోదం తెలిపింది, సాయంత్రం ఎక్స్ఛేంజికి ప్రకటన వెళ్లింది. సోమవారం షేరు 250 దగ్గర తెరుచుకుంది. బావ ఆ 500 షేర్లూ అమ్మేశాడు. లాభం 20 వేలు.

మంగళవారం కొనుగోలుకూ గురువారం కొనుగోలుకూ మధ్య ఏం మారింది? కంపెనీ అమ్మకం గురించిన మాట రెండు రోజులూ బయట వినిపిస్తూనే ఉంది. కానీ గురువారం అతని దగ్గర మూడు కొత్త సంగతులున్నాయి: వార్త నిజమన్న నిర్ధారణ, బోర్డు మీటింగు రోజు, రేటు. వీటిలో ఏదీ పత్రికలో లేదు. రోజు, రేటు చెప్పకుండా బావమరిది “నిజమే” అని ఒక్క మాట అన్నా సరిపోయేది. ఆ నిర్ధారణే యూపీఎస్ఐ.

దీన్ని షేరు ధరే కొలిచి చూపిస్తుంది. వార్త వచ్చినప్పుడు షేరు 8 రూపాయలే పెరిగింది. నిజమని తేలాక మొత్తం పెరుగుదల 50 రూపాయలు. అంటే పత్రిక వార్తను మార్కెట్ సుమారు ఆరో వంతు మాత్రమే నమ్మిందన్నమాట. మిగతా ఐదు వంతులు అనుమానంగా ఉండిపోయాయి. ఆ అనుమానం బావకు ఒక్క ఫోన్‌తో తీరిపోయింది, అతనికి షేర్లు అమ్మినవాళ్లకు తీరలేదు. సంగతి నిజంగా అందరికీ తెలిసిపోయి ఉంటే అధికారిక ప్రకటన రోజున ధర అంత ఎగిరేది కాదు. అందుకే ప్రకటన తర్వాత వచ్చే గెంతు, అప్పటిదాకా సమాచారం లోపలే ఉందనడానికి మంచి గుర్తు. అయితే ఈ కొలత నిక్కచ్చి కాదు. అదే రోజు మార్కెట్ మొత్తం లేచి ఉండొచ్చు, రొయ్యల ధర మారి ఉండొచ్చు. ఆ ప్రభావాలను విడదీసి చూడాలి.

ఇక పట్టుబడటం సంగతి. చిన్న మొత్తాల్ని ఎవరు చూస్తారులే అనుకుంటారు చాలామంది. పెద్ద ప్రకటన రాగానే, దానికి ముందు రోజుల్లో ఎవరు కొన్నారో ఎక్స్ఛేంజిల నిఘా విభాగాలు వెనక్కి వెళ్లి చూస్తాయి. యూపీఎస్ఐని ఎవరు ఎవరితో ఎప్పుడు పంచుకున్నారో పాన్ నంబర్లతో సహా ఒక డిజిటల్ రిజిస్టరులో నమోదు చేయడం కంపెనీల బాధ్యత. తర్వాత దిద్దడానికి వీల్లేని ఆ రిజిస్టరును కనీసం 8 ఏళ్లు ఉంచాలి. అందులో బావమరిది పేరుంటే, ఆ పేరు నుంచి అక్క ఇంటి డీమ్యాట్ ఖాతా దాకా వెళ్లడానికి ఎంతో సేపు పట్టదు.

నిరూపించే భారం ఎవరిదన్నది ఇంకా ముఖ్యం. కంపెనీతో సంబంధం లేనివారి విషయంలో, వారి దగ్గర రహస్యం ఉందని సెబీయే నిరూపించాలి. కంపెనీతో సంబంధం ఉన్నవారైతే, తమ దగ్గర అది లేదని వారే చూపించుకోవాలి. ఈ ‘సంబంధం ఉన్నవారి’లో బంధువులూ ఉంటారు. 2024 డిసెంబర్‌లో చేసిన సవరణతో బంధువుల నిర్వచనం ఇంకా పెరిగింది. తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు, భార్య లేదా భర్త తోబుట్టువులు, పిల్లలు, అల్లుళ్లు, కోడళ్లు, తోబుట్టువుల జీవిత భాగస్వాములు అందరూ అందులోకి వస్తారు. అక్క భర్త నేరుగా ఈ జాబితాలోనే ఉన్నాడు. ఆదివారం భోజనాల దగ్గర ఆఫీసు కబుర్లు దొర్లే మన ఇళ్లలో ఈ సంగతి తెలిసి ఉండటం అవసరం.

ఇరవై వేల లాభానికి ఏమవుతుంది? లాభాన్ని వడ్డీతో సహా వెనక్కి కట్టమనవచ్చు. ఇన్‌సైడర్ ట్రేడింగ్‌కు సెబీ చట్టంలో రాసిన కనీస జరిమానా 10 లక్షల రూపాయలు. గరిష్ఠం 25 కోట్లు లేదా లాభానికి మూడు రెట్లు, వీటిలో ఏది ఎక్కువైతే అది. బావమరిది ఒక్క షేరూ కొనకపోయినా తప్పించుకోలేడు. పని అవసరం లేకుండా రహస్యం చెప్పడం కూడా విడిగా నిషేధమే.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాటను మాత్రం కాస్త వేరుగా చూడాలి. కొన్ని కంపెనీల ఫలితాలు ప్రకటనకు ముందే వాట్సాప్‌లో తిరిగిన కేసుల్లో, సెబీ ఆదేశాల మీద అప్పీళ్లు వినే సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2021లో సెబీ జరిమానాల్ని కొట్టేసింది. ఆ అంకెలు కంపెనీ లోపలి నుంచే వచ్చాయని గానీ, పంపినవారికి అది యూపీఎస్ఐ అని తెలుసని గానీ సెబీ చూపించలేకపోయింది. ఫలితాలతో అంకెలు సరిపోయినంత మాత్రాన అది లోపలి సమాచారం అయిపోదు. గ్రూపుల్లో రోజూ వందల ఊహలు తిరుగుతాయి, వాటిలో కొన్ని నిజమవుతాయి. అలాగని “ఆడిటర్ దగ్గర పనిచేసే మా వాడు చెప్పాడు” అని రాసి ఉన్న మెసేజ్ అలాంటి ఊహ కాదు. దాని మూలం ఏమిటో చదివినవాడికి తెలిసిపోయింది.

ఆ బుధవారం రాత్రి ఫోన్ వచ్చేసింది, విన్న మాటను విననట్టు చేయలేం. బావ చేయగలిగింది ప్రకటన వెలువడేదాకా ఆ షేరులో కొనడం, అమ్మడం రెండూ ఆపేయడం, ఆ మాట మరొకరికి చెప్పకపోవడం. మంగళవారం కొన్న 100 షేర్లను అలాగే ఉంచుకోవచ్చు, ఉంచుకోవడం ట్రేడింగ్ కాదు. ఇలాంటి సమాచారం అందే కంపెనీ ఉద్యోగులకు ట్రేడింగ్ విండో, అంటే ఆ షేర్లు కొనడానికి, అమ్మడానికి వీలున్న సమయం, ప్రకటన తర్వాత 48 గంటల దాకా తెరుచుకోదు. ఏ రహస్యమూ వినని మామూలు మదుపరికి ఆ గడువు వర్తించదు. ఎన్ఎస్ఈ, బీఎస్ఈ సైట్లలో Corporate Announcements అనే చోట ప్రతి ప్రకటన పక్కనా అది వచ్చిన సమయం సెకన్లతో సహా ఉంటుంది. అతని కొనుగోలు ఆ సమయం తర్వాతిదైతే, సమాచారం ప్రకటితమా కాదా అన్న వాదనే తలెత్తదు.