శుక్రవారం వాళ్లకు సెలవు, ఆదివారం మనకు సెలవు: కలిసి పనిచేసే రోజులు ఎక్కడ పోతున్నాయి

వరంగల్‌కూ రియాద్‌కూ మధ్య గడియారం తేడా రెండున్నర గంటలే. మడికొండ ఐటీ పార్కులో పదిన్నర అయ్యేసరికి అక్కడ ఎనిమిది అవుతుంది, ఆఫీసు తెరుస్తారు. అమెరికా క్లయింట్ల కోసం రాత్రిళ్లు మేల్కొనే టీమ్‌లు చూస్తే అసూయపడేంత సుఖమైన తేడా ఇది. అందుకే సౌదీ ప్రాజెక్టు వచ్చిందనగానే ఇక టైమ్‌తో ఏ ఇబ్బందీ ఉండదనుకుంటారు. నెల తిరిగేసరికి ప్రతి పనీ అనుకున్నదానికంటే రెండు మూడు రోజులు ఆలస్యంగా నడుస్తుంటుంది. ఎవరూ పని ఎగ్గొట్టడం లేదు, గంటలూ సరిపోతున్నాయి. పోతున్నవి రోజులు.

సౌదీలో ఆఫీసు వారం ఆదివారంతో మొదలై గురువారంతో ముగుస్తుంది. మన ఐటీ కంపెనీల్లో సోమవారం నుంచి శుక్రవారం. రెండు చోట్లా పనిదినాలు ఐదే, కానీ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి సోమ, మంగళ, బుధ, గురు, ఈ నాలుగే. అంటే ఐదింట ఒకటి పోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. శుక్రవారం వాళ్లు ఉండరు, శనివారం ఎవరూ ఉండరు, ఆదివారం మనం ఉండం. ఇలా ప్రతి వారం వరుసగా మూడు రోజులు ఇద్దరూ కలిసి మాట్లాడుకునే వీలు లేదు.

ఈ శుక్రవారం సంగతి ఉత్తర తెలంగాణ ఇళ్లకు కొత్తేమీ కాదు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు తీరిగ్గా ఇంటికి ఫోన్ చేసేది శుక్రవారమే. "ఇప్పుడు డ్యూటీల ఉన్ననమ్మా, శుక్రారం చేస్త" అన్న మాట వినని ఇల్లు ఆ ఊళ్లలో అరుదు. ఇంకాస్త వెనక్కి వెళ్తే వరంగల్‌కూ సెలవు శుక్రవారమే ఉండేది. నిజాం పాలనలో హైదరాబాద్ సంస్థానంలో సర్కారీ కచేరీలకూ బడులకూ వారపు సెలవు శుక్రవారం. 1948లో సంస్థానం భారత్‌లో కలిశాక అది ఆదివారమైంది. బ్రిటిష్ ఇండియాలో ఆదివారం అప్పటికే స్థిరపడి ఉంది. బొంబాయి మిల్లు కార్మికులకు ఆ సెలవు సాధించినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే, 1890 జూన్ 10న. అంతకుముందు వాళ్లకు వారపు సెలవంటూ లేదు.

ఆదివారం ఎక్కడిదంటే, రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రీ.శ. 321లో దాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించాడు. దానికి శనివారం తోడవడం మాత్రం ఇటీవలిదే. అమెరికాలో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ 1926లో ఐదు రోజుల వారం పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు అది 1985లో వచ్చింది.

అసలు సమస్య ఈ రెండో సెలవు రోజుతోనే మొదలైంది. వారానికి ఒక్క రోజే సెలవున్నప్పుడు, ఒకరికి శుక్రవారం, ఇంకొకరికి ఆదివారం సెలవైనా ఉమ్మడి పనిదినాలు ఐదు మిగులుతాయి. రెండో రోజు కలిపే వేళ ఒక్కో దేశం ఒక్కో వైపు జరిగింది. ఆదివారం సెలవున్న దేశాలు దాదాపు అన్నీ దాని ముందున్న శనివారాన్ని కలుపుకున్నాయి. గల్ఫ్ దేశాలు చాలావరకు అదే పద్ధతిలో శుక్రవారానికి ముందున్న గురువారాన్ని కలుపుకున్నాయి. అప్పుడు సౌదీ ఆఫీసు వారం శనివారం నుంచి బుధవారం. దాన్ని మన సోమ–శుక్రతో పోల్చి చూడండి. కలిసినవి సోమ, మంగళ, బుధ, మూడే. గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు ఖాళీ. బ్యాంకులకూ స్టాక్ మార్కెట్లకూ ఇది నేరుగా తగిలిన దెబ్బ. డబ్బు పంపినవాడి బ్యాంకు తెరిచి ఉన్న రోజున అందుకునేవాడి బ్యాంకు మూసి ఉంటుంది.

గల్ఫ్ దేశాలు ఒక్కొక్కటిగా సర్దుకున్నాయి. ఖతర్ 2003లో, బహ్రెయిన్, యూఏఈ 2006లో, కువైట్ 2007లో, ఒమన్ 2013 మే నెలలో గురువారాన్ని వదిలి శనివారాన్ని తీసుకున్నాయి. చివరగా సౌదీ రాజు అబ్దుల్లా 2013 జూన్‌లో ఆదేశం ఇచ్చారు, అదే నెల 29 నుంచి అక్కడా శుక్ర, శనివారాలు సెలవయ్యాయి. ఒక్క రోజు అటు జరిగితే మూడు ఉమ్మడి రోజులు నాలుగయ్యాయి. సెలవుల సంఖ్యలో మాత్రం మార్పు లేదు. మన ఊళ్ల నుంచి వెళ్లి కట్టడాల పనుల్లో ఉన్నవాళ్లలో వారానికి ఆరు రోజులు పనిచేసే చాలామందికి ఈ మార్పు అంటనే లేదు. వాళ్లకు అప్పుడూ ఇప్పుడూ శుక్రవారం ఒక్కటే.

యూఏఈ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2022 జనవరి 1 నుంచి శని, ఆదివారాలు సెలవు. ఫెడరల్ ప్రభుత్వ ఆఫీసులు శుక్రవారం సగం రోజే పనిచేస్తాయి, ఆ తర్వాత జుమా నమాజ్. మత నియమం చెప్పేది శుక్రవారం మధ్యాహ్నపు సామూహిక ప్రార్థన గురించి, రోజంతా పని మానమని కాదు. అందుకే ఇండొనేషియా, మొరాకో లాంటి దేశాల్లో చాలాకాలంగా శని, ఆదివారాలే సెలవులు. పాకిస్తాన్ అయితే 1977లో శుక్రవారానికి మారి, 1997లో మళ్లీ ఆదివారానికి వచ్చింది. యూఏఈ నిర్ణయంతో దుబాయ్ మనకు నాలుగున్నర రోజుల దగ్గరికి వచ్చింది, ఐదో రోజు సగం ఎలాగూ వాళ్లకు సెలవే. కానీ అదే రోజున దుబాయ్‌కీ రియాద్‌కీ మధ్య ఒక రోజు తెగిపోయింది. అంతకుముందు ఆ రెండూ ఐదు రోజులూ కలిసి పనిచేసేవి. షార్జా మళ్లీ వేరే దారి పట్టి, ప్రభుత్వ ఆఫీసులకు శుక్ర, శని, ఆది మూడూ సెలవిచ్చింది. ఒకరితో కలవడానికి వారాన్ని జరిపితే ఇంకొకరితో దూరం పెరుగుతుంది. ఈ చిక్కుకు ఒక్క దేశం తీసుకునే నిర్ణయంతో పరిష్కారం రాదు.

ఇది రోజువారీ పనిలో ఎలా కనిపిస్తుందో చూద్దాం. గురువారం సాయంత్రం ఏడున్నరకు వరంగల్ డెవలపర్ ఒక సందేహం రాసి రియాద్‌కు పంపాడు. అక్కడ ఐదు, ఆఫీసు మూసేశారు. వాళ్లు మళ్లీ తెరిచేది ఆదివారం ఉదయం. వెంటనే జవాబిచ్చినా మనవాడు చూసేది సోమవారం తొమ్మిదిన్నరకు. మధ్యలో 86 గంటలు గడిచాయి. రియాద్ తన పనిరోజు ఒక్కటి కూడా వృథా చేయలేదు, మనవైపు ఆగింది శుక్రవారం ఒక్కటే. ఆ జవాబు సరిపోక ఇంకో ప్రశ్న అడగాల్సి వస్తే మంగళవారం దాకా పోతుంది. టికెట్ మీద "ఒక పనిదినంలో జవాబు" అని రాసుకున్న ఒప్పందం రెండు వైపులా నిలబడే ఉంటుంది, కానీ పని ఆగి కూర్చుంటుంది.

గంటల తేడా ఇలా ఉండదు. అమెరికాతో పనిచేసేటప్పుడు మనం రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, వాళ్లు ఒక గంట ముందు వస్తే సాయంత్రం కొంతసేపు దొరుకుతుంది. షిఫ్టు జరపడం కష్టమే అయినా కుదురుతుంది. సెలవు రోజును జరపాలంటే ఎవరో ఒకరు ఇంట్లో పిల్లలూ భార్యా ఉన్న రోజున ఆఫీసుకు రావాలి. మీటింగ్ పెట్టే యాప్‌లలో చాలావరకు గంటలను రంగులతో చూపిస్తాయి. అవతలి మనిషి తన పనిదినాలను సెట్ చేసుకోకపోతే, శుక్రవారం పదకొండు గంటలకు అతను ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తాడు. శుక్రవారం వారపు రివ్యూ పెట్టి, క్లయింట్ ఎందుకు రావడం లేదని టెన్షన్ పడే మేనేజర్లను నేను చూశాను.

దీన్ని ముందే లెక్కగట్టడం తేలిక. ఎక్సెల్‌లో మామూలు పనిదినాల ఫంక్షన్ శని, ఆదివారాలనే సెలవనుకుంటుంది. ఇంకో రకంలో మనమే చెప్పవచ్చు: సోమవారంతో మొదలుపెట్టి ఏడు అంకెలు, సెలవైతే 1, పనైతే 0. రెండు చోట్ల సెలవులూ కలిపి రాస్తే ఉమ్మడి రోజులు వస్తాయి.

```
=NETWORKDAYS.INTL(DATE(2024,2,1),DATE(2024,2,29),"0000111")
```

2024 ఫిబ్రవరికి దీని జవాబు 17. ఆ నెలలో వరంగల్‌కు 21 పనిదినాలు, రియాద్‌కూ 21, రెంటికీ కలిపి 17. ఆ నెలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ఆ ఏడు ఫిబ్రవరి 21, బుధవారం మొదలైంది. మా వైపు జాతరకు పోకుండా ఆఫీసులో కూర్చునేవాళ్లు తక్కువే. మరుసటి రోజు 22 సౌదీ స్థాపన దినోత్సవం, 2022 నుంచి అక్కడ అధికారిక సెలవు. ఇప్పుడు వరసగా చూడండి. మంగళవారం 20న ఇద్దరూ పనిలో ఉన్నారు. బుధవారం మనవాళ్లు లేరు, గురు, శుక్రవారాలు వాళ్లు లేరు, శనివారం ఎవరూ లేరు, ఆదివారం మళ్లీ మనవాళ్లు లేరు. సోమవారం 26న గానీ కలవలేదు. రెండు క్యాలెండర్లలోనూ విడిగా చూస్తే ఒకటి రెండు సెలవులే కనిపిస్తాయి, మధ్యలో ఐదు రోజుల ఖాళీ కనిపించదు. ఆ బుధ, గురువారాలు తీసేస్తే నెలకు మిగిలిన ఉమ్మడి రోజులు 15. ప్రాజెక్టు ప్లాన్‌లో మాత్రం అందరూ 21 అనే రాసుకుని ఉంటారు.

ఆదివారం సౌదీ వాళ్లకు వారపు తొలిరోజు, ఉద్యోగులంతా ఒకేసారి లాగిన్ అయ్యే రోజు. సమస్యలు బయటపడేదీ ఆ రోజే. అందుకని గురువారం సాయంత్రం కొత్త వెర్షన్ పెట్టడం ప్రమాదం. చెడిపోయిన సంగతి ఆదివారం తెలుస్తుంది, బాగుచేసేవాళ్లు ఆ రోజు ఉండరు. సోమ, మంగళవారాల్లో పెడితే తర్వాత సరిచేయడానికి రెండు మూడు ఉమ్మడి రోజులుంటాయి. ఆదివారం డ్యూటీకి టీమ్‌లో ఒకరిని వంతులవారీగా పెట్టడం చాలాచోట్ల చేస్తున్నదే. అయితే బదులు సెలవు ఏ రోజు ఇస్తున్నారన్నది ఎవరూ పట్టించుకోరు. ఆదివారం అలసిపోయాడని సోమవారం ఇస్తే ఆ మనిషికి ఒక ఉమ్మడి రోజు వచ్చింది, ఒకటి పోయింది, లాభం సున్నా. బదులు సెలవు శుక్రవారం ఇస్తే రియాద్ ఎలాగూ ఉండదు కనుక పోయేదేమీ లేదు, అతనికి ఆ వారం ఐదు ఉమ్మడి రోజులూ దక్కుతాయి. కాకపోతే ఆ శుక్రవారం పిల్లలు బడికి పోతారు, పెళ్లిళ్లకూ చుట్టాలకూ ఆదివారమే కావాలి. కాబట్టి ఈ డ్యూటీ ఒకరికే అంటగట్టకుండా నెలకొకసారికి మించకుండా చూడాలి, ఎవరి వంతు ఏ ఆదివారమో కనీసం నెల ముందే చెప్పాలి.