ఖాళీ సంపు నేల్లోంచి ఎందుకు లేస్తుంది?

గోదావరి డెల్టా ఊళ్లలో వానలు ముదిరాక రెండు మూడడుగులు తవ్వితే చాలు, నీళ్లు పడే చోట్లున్నాయి. అలాంటి నేలలో కట్టిన సంపు కూడా పడవలాంటిదే. ఎంత నీటిని పక్కకు తోస్తే అంత బరువుతో నీరు దాన్ని పైకి నెడుతుంది. సంపు బరువు అంతకంటే తక్కువైతే లేస్తుంది.

ఒక మామూలు ఇంటి సంపు తీసుకుందాం. బయటి కొలతలు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు. గోడలూ అడుగూ ఆరంగుళాల కాంక్రీటు, పైన ఐదంగుళాల స్లాబు. మొత్తం బరువు సుమారు 10 టన్నులు. భూగర్భ జలం నేలమట్టానికి వస్తే అది తోసే బలం 12 టన్నులు. అంత గట్టి కట్టడమూ ఖాళీగా ఉంటే 2 టన్నుల తేడాతో ఓడిపోతుంది. స్లాబు వేయకముందు పరిస్థితి ఇంకా నాజూకు. గుంతలో నీళ్లు తోడే మోటారు రాత్రి కరెంటు పోయి ఆగితే, తెల్లారేసరికి సంపు ఒరిగి ఉండొచ్చు. ఒకసారి లేచాక అడుగున బురద చేరుతుంది, నీళ్లు దిగినా అది పాత చోట కూర్చోదు. కాబట్టి గుంతలో నీరు పెరుగుతుంటే సంపులోకే నీళ్లు వదలాలి. పని చెడుతుందని చాలామంది జంకుతారు గానీ, తడిసిన సంపును ఆరబెట్టుకోవచ్చు.

సంపు బరువు నీటి తోపుకు కనీసం 1.2 రెట్లు ఉండాలన్నది ఇంజనీర్ల లెక్క. అంటే ఈ సంపుకు 14.4 టన్నులు కావాలి. కాంక్రీటు మందం పెంచడం ఖర్చుతో కూడిన దారి. అడుగు స్లాబును నాలుగు వైపులా 30 సెంటీమీటర్లు బయటికి పొడిగించి, ఇనుముతో సహా ఒకే పోతలో వేస్తే, దానిమీద పడ్డ మట్టే సంపును పట్టి ఉంచుతుంది. నీళ్లలో నానిన మట్టి బరువు తగ్గుతుంది కాబట్టి ఘనమీటరుకు 0.8 టన్ను మాత్రమే లెక్కించినా, అంచు కాంక్రీటుతో కలిపి 5.7 టన్నుల దాకా కలిసొస్తుంది. ఆ మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపాలి.

ఇప్పటికే కట్టేసిన సంపుకు లోపలి నీళ్లే బరువు. వానాకాలంలో మీటరు లోతు నీళ్లు ఉంచితే 4.6 టన్నులు తోడవుతాయి, అవసరం తీరిపోతుంది. కడగడానికి మే నెల మేలు. వరద తగ్గగానే మురికి నీళ్లు తోడేయాలనిపిస్తుంది. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది, ఎందుకంటే బయట నేల ఇంకా నిండే ఉంటుంది. గొట్టాల జాయింట్లు ఊడినా, సంపు అంచున గచ్చు పగిలి పైకి లేచినా మోటారు వెంటనే ఆపి నీళ్లు నింపాలి.

సంపు పక్కనే, అడుగుమట్టం దాకా, చిల్లులు పెట్టిన నాలుగంగుళాల పీవీసీ గొట్టం నిలబెట్టి చుట్టూ కంకర పోయండి. అందులో కర్ర దింపి చూస్తే బయటి నీటి మట్టం తెలుస్తుంది. పైన చెప్పిన సంపుకు, అడుగున పొడిగించిన అంచు లేకపోతే, ఆ నీరు నేలకు రెండడుగులకు మించి దిగాకే ఖాళీ చేయాలి.