ఈవీ వచ్చినంక మెకానికల్ పనైపోయిందా? నిజామాబాద్ ఘటన నుంచి చూస్తే వేరే కనిపిస్తది

హన్మకొండలో ఏ హాస్టల్‌కి పోయినా మెకానికల్ పిల్లలు ఒకటే మాట, ఇంజినే లేని బండిలో మనకేం పని, ఇక ట్రిపుల్ఈ వాళ్లదే రాజ్యం అని. సగం నిజమే. కానీ ఈ మార్పు ఎట్ల వచ్చిందో వెనక్కి పోయి చూస్తే లెక్క మారుతది.

2016 జనవరిలో కేంద్రం బండ్ల పొగ మీద పెట్టే బీఎస్ రూల్స్‌లో 4 నుంచి మధ్యలో 5 వదిలేసి సీదా బీఎస్ 6కి పోతున్నమని చెప్పింది, గడువు 2020 ఏప్రిల్. దాంతో ఇంజిన్ క్యాలిబ్రేషన్‌కి, సైలెన్సర్ వైపు పొగ శుభ్రం చేసే సిస్టమ్స్‌కి పుణె, చెన్నై, బెంగళూరులో మస్తు పని దొరికింది. 2023 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చేదాకా ఆ ఊపు నడిచింది. సీనియర్లు చెప్పే "కోర్ జాబ్" ఎక్కువ శాతం ఇదే.

అదే టైంలో ఈవీ వైపు జరిగింది ఇంజినీరింగ్ కన్నా అసెంబ్లింగే ఎక్కువ. 2015లో ఈవీలకు కేంద్రం ఇచ్చే ఫేమ్ సబ్సిడీ మొదలైంది, 2019లో ఫేమ్ 2 వచ్చి లెడ్ యాసిడ్ బండ్లను పక్కన పెట్టి లిథియంకే డబ్బులు ఇచ్చింది. గంటకు 25 కిలోమీటర్ల లోపు స్పీడ్, 250 వాట్ల లోపు మోటార్ ఉన్న బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి చాలామంది చైనా నుంచి కిట్లు తెచ్చి బోల్టులు బిగించి అమ్మిన్రు, అక్కడ డిజైన్ ఇంజినీర్‌తో పనేముంది చెప్పండి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లో రాత్రి చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయిండు. ఆ వేసవిల దేశంలో ఇంకా చాలా చోట్ల బండ్లు కాలినయ్. కేంద్రం కమిటీ వేసింది, ఈవీ బ్యాటరీ సేఫ్టీకి ఉన్న ఏఐఎస్ 156 రూల్స్‌ని గట్టి చేసింది, మొదటి దశ 2022 డిసెంబర్, రెండోది 2023 మార్చి నెలాఖరు నుంచి. ఒక సెల్‌ని కావాలనే కాల్చి చూస్తరు, ఆ మంట పక్క సెల్స్‌కి పాకి, సెల్స్ అన్నీ కలిపిన బ్యాటరీ ప్యాక్ పేలొద్దు. నీళ్లు దూరొద్దు, ఐపీఎక్స్ 7 కావాలె, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఏం కావొద్దు. ఇక కిట్లు బిగిస్తే సరిపోలే, ప్యాక్ డిజైన్ చేసేటోళ్లు కావాల్సి వచ్చిన్రు.

ఎందుకో ఒక మామూలు స్కూటర్ ప్యాక్ లెక్కేసి చూద్దాం. 3.6 వోల్టు, 2.5 ఆంపియర్ అవర్ సెల్స్ తీసుకుని 24 సెల్స్ ప్యారలల్‌లో ఒక గ్రూపు, అట్లాంటి 14 గ్రూపులు సిరీస్‌లో. మొత్తం 336 సెల్స్, 50.4 వోల్టులు, 60 ఆంపియర్ అవర్, సుమారు 3 యూనిట్ల కరెంటు. ఒక్కో సెల్ లోపలి రెసిస్టెన్స్ 30 మిల్లీ ఓమ్ అనుకుంటే ప్యాక్‌ది 17.5 అయితది. 60 ఆంపియర్లు లాగితే 60 × 60 × 0.0175, అంటే 63 వాట్ల వేడి, డబ్బా మూసి ఉంది గాలి దూరదు. సెల్స్ బరువు పదిహేనున్నర కిలోలు, వేడి అసలు బయటికే పోకుంటే గంటలో సుమారు 15 డిగ్రీలు పెరుగుతది. మన వరంగల్ మే నెలలో బండి 43 దగ్గర మొదలైతే 58కి చేరుతది, చాలా సెల్స్‌కి డిశ్చార్జ్ హద్దు 60, చార్జింగ్ హద్దు 45! అందుకే ఎండలో తిరిగి ఇంటికి రాంగనే చార్జింగ్ పెడితే ప్యాక్‌ని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్, అదే బీఎంఎస్, మంచిదైతే ఒప్పుకోదు, ఒప్పుకునే ప్యాక్‌నే అనుమానించాలె.

నీళ్లు దూరొద్దు అంటే మూసెయ్యాలె, వేడి పోవాలంటే దారి ఇయ్యాలె. ఈ పేచీ తీర్చేది మెకానికల్ వాళ్లే: సెల్స్ మధ్య గ్యాప్ ఎంత, అల్యూమినియం కేసింగ్‌కి వేడి ఎట్ల చేరాలె, మంటొస్తే గ్యాస్ ఏ వెంట్ నుంచి పోవాలె, మన గుంతల రోడ్ల మీద వైబ్రేషన్‌కి సెల్ ట్యాబ్ వెల్డింగ్ ఊడొద్దు. ట్రిపుల్ఈ వాళ్లకి 14 గ్రూపుల వోల్టేజ్ విడివిడిగా చూడటం, ఒక గ్రూపు నీరసపడితే మొత్తం ప్యాక్ రేంజ్ దాని మీదే ఆగిపోతది కదా, దాన్ని పట్టుకోవడం, బ్యాలెన్స్ చేయడం. ఈ రెండు పనులు ఒకే టేబుల్ మీద జరుగుతయి, అవతలోడి భాష రాకపోతే ఇబ్బందే.

నేనైతే ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి బండి మొత్తం చేయడం కన్నా ఒక చిన్న ప్యాక్‌కి నాలుగైదు థర్మిస్టర్లు పెట్టి, మధ్యలో సెల్‌కి, అంచు సెల్‌కి ఎన్ని డిగ్రీల తేడా వస్తుందో గ్రాఫ్ గీసి పెట్టుకోమంట, పైన లెక్క కాగితం మీద చేయగలిగితే ఇంటర్వ్యూలో సగం మాట అక్కడే అయిపోతది.

కానీ ఒకటి, ఇదంతా ప్యాక్ పని. సెల్ తయారీ వేరు, దాంట్లో కోటింగ్ మెషిన్లు, డ్రై రూములు, కెమికల్ వాళ్ల రాజ్యం. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన అయ్యింది, అది ప్యాక్‌తో పాటు సెల్స్ కూడా చేయడానికి పెట్టింది. సెల్ లైన్‌లో మెకానికల్ వాళ్లకి దొరికేది ఎక్కువగా మెషిన్ మెయింటెనెన్స్, ప్రాసెస్ పనే, డిజైన్ కాదు. డిజైనే కావాలనుకుంటే ప్యాక్ కంపెనీలు చూసుకోవాలె.